పసుపు చీర కాదు, పాత చీర

పెళ్లి శుభలేఖ రాయడం తేలికండీ. అచ్చు వేసేవాడి దగ్గర నమూనాలుంటాయి. పేర్లు, ముహూర్తం మారిస్తే పనైపోతుంది. తప్పులు దిద్దడానికి ఇంట్లో ఒక తాతగారో, బాబాయిగారో కళ్లజోడు సర్దుకుని సిద్ధంగా ఉంటారు. వచ్చిన చిక్కల్లా హల్దీకీ, మెహందీకీ గ్రూపులో పెట్టే మెసేజ్‌తోనే. దానికి నమూనా లేదు, చూసిపెట్టే పెద్దమనిషి లేడు. పెళ్లికూతురికి చెల్లెలి వరస పిల్ల ఎవరో రాత్రి పడుకునే ముందు హుషారుగా కొట్టి పారేస్తుంది. తెల్లారేసరికి దాని కింద ప్రశ్నలు బారులు తీరి ఉంటాయి. ఎన్నింటికి? ఎక్కడ? పిల్లల్ని తేవచ్చా? పట్టుచీర కట్టుకోవాలా?

మా ఇంట్లోనూ అదే జరిగింది. పెళ్లికూతురు మా పెద్ద మేనకోడలు, ఇంట్లో అందరికీ బుజ్జి. మెసేజ్ రాసింది దాని పిన్ని కూతురు. గ్రూపులో పెట్టేముందు నాకు చూపించింది కాబట్టి మీకూ చూపిస్తాను.

"హాయ్ హాయ్ హాయ్! మన బుజ్జి తల్లి పెళ్లికూతురైపోతోందహో! పెళ్లికి ముందు రోజు హల్దీ, మెహందీ, ధూమ్‌ధామ్! పొద్దున్నే వచ్చెయ్యండి, రాత్రి దాకా రచ్చ రచ్చే! డ్రెస్ కోడ్ ఎల్లో, గ్రీన్! ఎక్కడో చెప్పక్కర్లేదుగా, అమ్మమ్మ ఇంట్లోనే! రానివాళ్లతో జన్మలో మాట్లాడను!"

హుషారుకేం లోటు లేదు, నేనూ నవ్వాను. కానీ ఇది చదివి ఒక్క మనిషి కూడా సరైన రోజున, సరైన చోటికి రాలేరు. ఎందుకో చూడండి.

"పెళ్లికి ముందు రోజు" అంటే ఏ రోజు? మన ముహూర్తాల సంగతి మీకు తెలియనిది కాదు. బుజ్జి ముహూర్తం ఫిబ్రవరి 21, శనివారం రాత్రి 2-15కి, తెల్లవారితే ఆదివారం. పంచాంగం ప్రకారం సూర్యోదయమయ్యేదాకా అది శనివారమే. ఫోన్‌లో క్యాలెండర్‌కి మాత్రం రాత్రి పన్నెండు దాటితే ఆదివారం. కాబట్టి ముందు రోజంటే మా అత్తయ్యకి శుక్రవారం, బెంగుళూరులో ఉద్యోగం చేసే బుజ్జి స్నేహితురాలికి శనివారం. ఇద్దరి లెక్కా ఒప్పే. అసలు హల్దీ వీటిలో ఏ రోజూ కాదు, గురువారం. అందుకే ఇలాంటి పిలుపులో ముందు రోజు, మర్నాడు, ఎల్లుండి అనే మాటలే రాకూడదు. తేదీ, వారం పక్కపక్కన వెయ్యాలి. రెండూ ఉంటే ఒకటి తప్పు కొట్టినా రెండోది పట్టిస్తుంది. ఒక్క తేదీయే ఉండి 19కి బదులు 18 పడితే ఎవరూ కనిపెట్టలేరు.

"పొద్దున్నే" ఇంకో తమాషా. అదే రోజు తెల్లవారుజామున బుజ్జిని పెళ్లికూతుర్ని చేస్తున్నారు. తలంటి, నలుగు పెట్టి, మంగళస్నానం చేయించి, హారతిస్తారు. అది పెద్దవాళ్ల వ్యవహారం, ఆరింటికల్లా ముత్తైదువలొస్తారు. పిల్లలు చేసుకునే హల్దీ దాని తర్వాత మేడ మీద, పాటలూ పూలరేకులూ కెమెరాలతో. పొద్దున్నే అనగానే పెద్దమ్మలు ఆరింటికి వచ్చి పిల్లలేరని అడుగుతారు. స్నేహితులు పదకొండింటికి వచ్చి అప్పుడే అయిపోయిందా అంటారు. రెండు ముచ్చట్లున్న ఇంట్లో ఇది దేని గురించిన పిలుపో రాయాలి, అంకె వెయ్యాలి.

ఇక అమ్మమ్మ ఇల్లు. పిన్ని పిల్లలకీ, మేనత్త పిల్లలకీ రాజమండ్రిలో ఆ ఇల్లు కళ్లు మూసుకున్నా దొరుకుతుంది. కానీ ఆ గ్రూపులో బుజ్జి కాలేజీ వాళ్లున్నారు, ఆఫీసు వాళ్లున్నారు. వాళ్లకి ఎవరి అమ్మమ్మని తెలుస్తుంది? చుట్టాలూ స్నేహితులూ కలిసిన గ్రూపులో రాసేటప్పుడు, చదివేవాళ్లలో మనింటి గురించి అందరికంటే తక్కువ తెలిసిన మనిషిని మనసులో పెట్టుకుని రాయాలి. మిగిలినవాళ్లు ఆ రెండు లైన్లూ దాటేస్తారు, వాళ్లకొచ్చిన నష్టమేం లేదు.

చివరి వేళాకోళం, "రానివాళ్లతో జన్మలో మాట్లాడను", నేను మొదట కొట్టేయించింది దాన్నే. ఆ గ్రూపులో ఏడో నెల గర్భిణీ అయిన వదిన ఉంది, సెలవు దొరకని బావ ఉన్నాడు. ఎదురుగా నవ్వుతూ అంటే వాళ్లూ నవ్వుతారు. అక్షరాల్లో నవ్వు కనిపించదు కదా, పక్కన ఎన్ని బొమ్మలు పెట్టినా.

మన దగ్గర వేళాకోళానికి వరస ఒకటుంది, చూశారా! బావని ఏమన్నా అనొచ్చు. మరదల్ని ఏడిపించొచ్చు, వదినతో పరాచికాలాడొచ్చు. అది వాళ్ల హక్కు, ఎవరూ ఏమీ అనకపోతే చిన్నబుచ్చుకుంటారు కూడా. అదే మాట పెదనాన్న అల్లుడి మీద, కొత్తగా వియ్యమందిన ఇంటి పిల్లల మీద పడితే పెళ్లిలో మూడు రోజులూ దాని గురించే మాట్లాడుకుంటారు. కాబట్టి మెసేజ్‌లో ఎవరినైనా ఆటపట్టించాలంటే ఇద్దరే క్షేమం. ఒకరు పెళ్లికూతురు, రెండోవారు బావల సంఘం మొత్తం. పేరుపెట్టి ఏ బావనీ కాదు, గుంపుగా. మగపెళ్లివారి పిల్లలు గ్రూపులో ఉంటే వాళ్ల జోలికి అసలు పోవద్దు. ఆ చనువు రావడానికి ఇంకా రెండు పండగలు పడుతుంది.

ఇప్పుడు ఆ ఎల్లో, గ్రీన్ సంగతి. ఇక్కడ నేనొక గంట కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే బట్టల రంగు రాయాలంటే ముందు ఏ వేడుక ఎప్పుడో తేలాలి. మెసేజ్‌లో ఒకే రోజన్నట్టు రాసినా, పిల్లలు మనసులో మెహందీ బుధవారం సాయంత్రం, హల్దీ గురువారం ఉదయం అనుకున్నారు, సినిమాల్లో అలాగే ఉంటుందని. నేను తిరగేయమన్నాను. గోరింటాకు రంగు చర్మం పైపొరలో పడుతుంది. పసుపు, శనగపిండి, నూనె కలిపి చేతులకి రుద్ది, తర్వాత సబ్బుతో తోమితే ఆ పైపొరే రాలుతుంది, దాంతోపాటు రంగూ పోతుంది. వేలకి వేలు పోసి మోచేతుల దాకా పెట్టించుకున్న మెహందీని మర్నాడు మనమే తోమిపారేసినట్టు. అదే హల్దీ ముందైతే ఏ గొడవా లేదు. స్నానం చేసి, చేతుల మీద జిడ్డు లేకుండా సబ్బుతో శుభ్రంగా కడుక్కుంటే చాలు. నూనె మిగిలి ఉంటే గోరింటాకు అంటదు.

రంగు ముదరడానికీ సమయం కావాలి. ముద్ద రాలగానే కనిపించేది నారింజ రంగే. పండలేదని పిల్లలు బిక్కమొహం వేస్తారు కానీ అది ఒకటి రెండు రోజుల్లో ముదిరి ఎర్రబారుతుంది. గురువారం రాత్రికి పెట్టడం పూర్తయి, రాత్రంతా ఉంచుకుని, శుక్రవారం పొద్దున్న నీళ్లు తగలకుండా రాల్చేస్తే శనివారం రాత్రి జీలకర్రా బెల్లం వేళకి నిండుగా ఉంటుంది. అందుకని రెండూ గురువారమే. పొద్దున్న హల్దీ, సాయంత్రం మెహందీ. ఊరినుంచి వచ్చేవాళ్లకీ ఒక్క సెలవుతో రెండూ దక్కుతాయి. హైదరాబాదు వాళ్లు బుధవారం రాత్రి గౌతమి ఎక్కితే తెల్లవారుజామున రాజమండ్రిలో దిగుతారు.

రోజు తేలింది కనుక బట్టలు. హల్దీకి "పసుపు రంగు" అని ఊరుకుంటే ఏమవుతుందో తెలుసా? ఆడపిల్లలు కొత్త పసుపు ఆర్గంజా చీరలు కొంటారు. మధ్యాహ్నానికి వాటి మీద మరకలు పడి, ఇంటికెళ్లి సబ్బు పెట్టగానే అవి ఎర్రబడతాయి. కుంకుమ పడిందేమోనని కంగారు పడతారు. కుంకుమేం కాదు. సబ్బులో ఉన్న క్షారానికి పసుపు అలా తిరుగుతుంది, హారతి పళ్లెంలో సున్నం వెయ్యగానే పసుపు నీళ్లు ఎర్రబడ్డట్టే. బాగా జాడిస్తే ఎరుపు విరిగి మళ్లీ పసుపవుతుంది. ఆ పసుపుకి అసలు మందు ఎండ. ఉతికి తడి బట్ట ఎర్రటి ఎండలో ఆరేస్తే మరక క్రమంగా వెలిసిపోతుంది. కానీ పట్టునీ, ఆర్గంజానీ అలా ఎండలో వెయ్యలేం కదా. కాబట్టి మెసేజ్‌లో ఉండాల్సిన మాట పసుపు చీర కాదు, పాత చీర. పసుపు రంగుదైతే మంచిదే, లేకపోతే ఏ లేతరంగు పాత నూలుబట్టయినా ఫర్వాలేదు. మార్చుకోవడానికి ఇంకో జత తెచ్చుకోమని కూడా రాయాలి, ఎందుకంటే హల్దీ చివర బిందెలతో నీళ్లు గుమ్మరించే ఘట్టం ఒకటుంది. అది రాయకపోతే మధ్యాహ్నం పెళ్లికూతురి తల్లి బీరువా ఖాళీ అవుతుంది.

మెహందీలో అసలు పేచీ బట్టలది కాదు, చేతులది. మెహందీ అమ్మాయిలు ఇద్దర్ని మాట్లాడారు. సాయంత్రం 4 నుంచి 8 దాకా, అంటే నాలుగు గంటలు. పెళ్లికూతురికి రెండు చేతులూ మోచేతుల దాకా, కాళ్లూ అంటే ఒకమ్మాయి ఆ నాలుగు గంటలూ దానికే అంకితం. మిగిలింది ఒక్కతి. వచ్చినవాళ్లకి మామూలు డిజైను వేసినా ఒక చేతికి పావుగంట పడుతుంది. గంటకి నాలుగు చేతులు, నాలుగు గంటలకి పదహారు. అంటే రెండు చేతులూ పెట్టించుకుంటే ఎనిమిది మందితో సరి. తొమ్మిదో మనిషి ఎవరనుకున్నారు? పెళ్లికొడుకు వాళ్ల చెల్లెలే అవుతుంది, చూసుకోండి, ఎప్పుడూ అలాగే జరుగుతుంది.

అందుకని మెసేజ్ కింద ఒక పోల్ పెట్టమన్నాను. ఊరికే వస్తారా, రారా అని కాదు. హల్దీకి మాత్రమే, మెహందీకి మాత్రమే, రెంటికీ, ఈసారికి కుదరదు, ఇలా నాలుగు. వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో పేర్లతో సహా కనబడుతుంది. రెండు రోజుల్లో మెహందీకి ఇరవై రెండు మంది ఆడవాళ్లు తేలారు. పదహారు చేతులకి ఇరవై రెండు మంది! అప్పటికింకా పది రోజులుంది కాబట్టి మూడో అమ్మాయిని మాట్లాడారు. మనిషికి ఒక చెయ్యి చొప్పున ఇరవై రెండు పోగా ఇంకో పది చేతులకి సమయం మిగిలింది. అది చిన్నపిల్లలకీ, ఆఖర్న సిగ్గుపడుతూ చెయ్యి చాపే అమ్మమ్మలకీ. "మనిషికి ఒక చెయ్యి" అని ముందే రాశాం కాబట్టి రెండో చెయ్యి దొరికినవాళ్లు సంబరపడ్డారు. రెండనుకుని వచ్చి ఒకటే దొరికుంటే ఇదే వేడుక ఎలా ఉండేదో ఊహించుకోండి.

ఇంకో మాట కూడా పట్టుబట్టి రాయించాను. కోన్లు ఎవరూ తేవద్దని. పది నిమిషాల్లో నల్లగా పండుతుందని అమ్మే కోన్లున్నాయే, వాటిలో ఉండేది వట్టి గోరింటాకు కాదు. కొన్నింటిలో జుట్టుకి వేసే రంగులోని మందు, పీపీడీ అంటారు, కలిపి ఉంటుంది. అది పడనివాళ్లకి చేతులు పొక్కి బొబ్బలెక్కుతాయి. గోరింటాకు తనంతట తాను నిమిషాల మీద నల్లబడదు. అలా నల్లబడిందంటే అందులో ఇంకేదో ఉన్నట్టే.

గ్రూపులో పెట్టేముందు ఇవన్నీ చెప్పి మళ్లీ రాయమన్నాను. పిల్ల చురుకైనది, ఈసారి ఇలా రాసింది.

"అక్కలూ, చెల్లాయిలూ, వదినలూ, బుజ్జి స్నేహితులారా, ఓ బావల సంఘమా! బుజ్జి మొహానికి పసుపు పూసి కూడా తిట్లు తినకుండా బయటపడే రోజు జీవితంలో ఒక్కటే. అదిగో వచ్చేసింది!

హల్దీ: ఫిబ్రవరి 19, గురువారం, ఉదయం 9-30. మేడ మీద. (తెల్లవారుజాము మంగళస్నానం వేరే, దానికి పెద్దవాళ్లని బుజ్జి వాళ్ల అమ్మ విడిగా పిలుస్తుంది.) పాత నూలుబట్టలు వేసుకోండి, పసుపు రంగైతే సంతోషం. చివర్లో నీళ్లు పోస్తాం, ఇంకో జత, ఒక తువ్వాలు తెచ్చుకోండి. 12-30కి భోజనం.

మెహందీ: అదే గురువారం, సాయంత్రం 4 నుంచి 8. కింద హాల్లో. ఆకుపచ్చ కడితే బాగుంటుంది, పొట్టి చేతుల జాకెట్టు మేలు. చేతులకి నూనె, క్రీము రాసుకోకండి. మనిషికి ఒక చెయ్యి గ్యారంటీ, రెండోది అదృష్టం. కోన్లు మేమే తెస్తున్నాం, మీరు తేవద్దు. 3-30కి టిఫిను తిని కూర్చుందాం. రాత్రి 8-30కి పెట్టే పులిహోర మాత్రం చేతులు ఖాళీగా ఉన్న బావలు తినిపించాలి. ఇది విన్నపం కాదు, తీర్మానం.

చోటు: బుజ్జి వాళ్ల అమ్మమ్మగారి ఇల్లు, రాజమండ్రి. లొకేషన్ కింద పెడుతున్నా. కారు సందులోకి రాదు, మెయిన్ రోడ్డు మీద ఆపి రెండు నిమిషాలు నడవండి.

పిల్లలూ, భర్తలూ అందరూ రావాలి. కానుకలు వద్దు. కింద పోల్‌లో ఆదివారం రాత్రిలోగా నొక్కండి. దారి తెలియకపోతే బుజ్జికి ఫోన్ చెయ్యకండి, దాని చేతులు ఖాళీ ఉండవు. నాకు చెయ్యండి."

చూశారా, సరదా అంతా పైనా, బావల దగ్గరా ఉంది. తేదీ, వేళ, చోటు దగ్గర ఒక్క జోకు లేదు. "ఇండియన్ టైము తొమ్మిదిన్నర, అంటే మీ ఇష్టం" లాంటి మాట ఒకటి పెడతానంది, వద్దన్నాను. ఆ మాట ఒక్కటి చదివితే చాలు, పదకొండున్నరకి వచ్చేవాళ్లు పన్నెండింటికి వస్తారు. వేళలు రాసిన చోట ముందూ వెనకా నక్షత్రం గుర్తు కొడితే అక్షరాలు లావుగా పడతాయి కదా, ఆ లావు ఒక్క తేదీలకీ వేళలకీ ఇస్తే కన్ను అక్కడికే పోతుంది. మొత్తం లావుగా కొట్టే మహానుభావులున్నారు. అప్పుడు ఏదీ లావు కానట్టే.

పంపేటప్పుడు జాగ్రత్తలు కొన్నున్నాయి. లొకేషన్ పెట్టేటప్పుడు "లైవ్" అనేది నొక్కితే అది మన ఫోన్ ఎక్కడుంటే అక్కడికి తిరుగుతుంది, పైగా ఎనిమిది గంటలకి మించి ఉండదు. పది రోజుల ముందు పెడితే ఎవరికీ పనికిరాదు. మ్యాపులో ఆ ఇంటిని వెతికి, ఆ చోటునే పంపాలి. తప్పు పడితే పదిహేను నిమిషాల్లోపే దిద్దగలం. ఈలోగా ఎవరైనా ఇంకో గ్రూపుకి ఫార్వర్డ్ చేసి ఉంటే అక్కడికి వెళ్లింది పాతదే. అందుకే పంపకముందే ఇంట్లో ఇంకొకరితో చదివించాలి, కుదిరితే ఆ ఊరు తెలియని మనిషితో. ఆనక మెసేజ్‌ని పైన పిన్ చెయ్యాలి, ముప్ఫై రోజులదాకా ఉంచుకోవచ్చు. లేకపోతే "వావ్"ల కింద, "ఎవరు పాడతారు"ల కింద అది గంటలో పాతాళానికి పోతుంది. ఇక రైలు టికెట్లు ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి వట్టి తేదీ చెప్పే ఒక్క లైను రెండు నెలల ముందే పడాలి. ఈ పూర్తి మెసేజ్ మాత్రం రెండు వారాల ముందు చాలు. మరీ ముందైతే చదివి మర్చిపోతారు.

అయితే ఒక్కటండోయ్. ఎంత బాగా రాసినా ఈ మెసేజ్ కజిన్లకీ స్నేహితులకే. అత్తయ్యలూ, పెద్దమ్మలూ అదే గ్రూపులో ఉన్నారు కదా, చూశారు కదా అని ఊరుకుంటే కుదరదు. "గ్రూపులో పడేశారమ్మా, మాకు పిలుపు లేదు" అనే మాట పెళ్లి అయిపోయిన ఏడాదికి కూడా వినపడుతుంది. ఊళ్లో ఉన్నవాళ్లని కుంకుమ భరిణె పట్టుకెళ్లి గుమ్మంలో బొట్టు పెట్టి పిలవాలి. పొరుగూళ్లలో వాళ్లకి ఫోన్ చెయ్యాలి, చేసేది కూడా పెళ్లికూతురి తల్లే అయి ఉండాలి. మా వదిన అలాగే చేసింది. మెసేజ్ చూశాం, సంతోషం అన్నవాళ్లు కూడా ఫోన్ వచ్చాకే బయల్దేరే సంగతి మాట్లాడారు.

పోల్ సంగతి చెప్పడం మరిచాను. రెంటికీ నొక్కినవాళ్లు ముప్ఫై ఒకరు, ఒక్క హల్దీకి తొమ్మిది మంది, ఒక్క మెహందీకి ఆరుగురు. ఏదీ నొక్కకుండా "చూద్దాం, ప్రయత్నిస్తాం" అన్నవాళ్లు ఎనిమిది మంది. మన చుట్టాల్లో ప్రయత్నిస్తాం అన్నవాళ్లు రాకుండా ఉండరు, పైగా ఇంకో ఇద్దర్ని వెంటపెట్టుకొస్తారు. వంట చేసే ఆయనకి మధ్యాహ్నానికి యాభై అయిదు ఆకులని చెప్పాం. ఆయన నలభై ఏళ్లుగా పెళ్లిళ్లు చూస్తున్న మనిషి. తల ఊపి, డెబ్భైకి బియ్యం కడుగుతానన్నాడు.